చీనీ మండీ లెక్కల సాఫ్ట్‌వేర్: అవసరాల జాబితా, మూల విభాగాలతో

అనంతపురం
మండీ యజమాని గారికి, గుమాస్తా గారికి, మా ప్రోగ్రామర్లకు

సార్,

మీరిచ్చిన 38 పేజీల పత్రాన్ని (రెండో ప్రతి, 11 విభాగాలు, 2 అనుబంధాలు) మొదటి నుంచి చివరిదాకా చదివి, సాఫ్ట్‌వేర్ చేయాల్సిన ఒక్కో పనినీ విడదీసి ఇక్కడ రాశాం. ఒక నంబరు కింద ఒకటే అవసరం ఉంటుంది. మీ పత్రంలో ఒకే పేరాలో నాలుగు పనులు కలిసి ఉన్నచోట నాలుగు నంబర్లు ఇచ్చాం. ఒకే పని మూడు చోట్ల కనిపిస్తే ఒకటే నంబరు ఇచ్చి, మూడు చోట్లనూ చూపించాం.

ప్రతి అవసరం చివర "మూలం" అని ఉన్నది మీ పత్రంలోని విభాగం నంబరు. "మా చేర్పు" అని ఉంటే ఆ మాట మీరు రాయలేదు. మీరు రాసింది నడవాలంటే అది తప్పదనిపించి మేం చేర్చాం. వాటిని ఒక్కొక్కటిగా చూసి ఒప్పుకుంటేనే చేస్తాం. "తేలాలి" అని ఉన్నవి మీ నిర్ణయం కోసం ఆగి ఉన్నాయి. ఏదైనా అవసరం వద్దనుకుంటే దాన్ని కొట్టేస్తాం కానీ ఆ నంబరును ఇంకోదానికి ఇవ్వం. ఆరు నెలల తర్వాత ఎవరైనా "అ-9" అంటే అందరికీ అదే అ-9 గుర్తుకు రావాలి.

రైతు వివరాలు

అ-1. రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు ఒకసారి ఎక్కిస్తే చాలు, మళ్లీ అడగకూడదు. మూలం: 2.1.

అ-2. ఫోన్ నంబరు కొట్టగానే రైతు పేరు రావాలి. ఫోన్ లేని రైతును ఊరు, పేరుతో వెతకగలగాలి. మూలం: 2.2, అనుబంధం 2 (గుమాస్తా గారి నోటు, 4వ అంశం).

అ-3. రైతు బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఉంచాలి. మూలం: 2.3, 7.2.

అ-4. రైతు ఆధార్ కాపీ స్కాన్ చేసి ఉంచాలి. మూలం: 2.3. తేలాలి. ఎందుకు కావాలో పత్రంలో ఎక్కడా లేదు. ఒకే పేరున్న ఇద్దరిని వేరు చేయడానికే అయితే అ-1లో ఉన్న వివరాలు సరిపోతాయి. రైతుల ఆధార్ కాపీలన్నీ ఒకే కంప్యూటర్‌లో పెట్టుకుంటే వాటిని కాపాడే బరువు కూడా మీమీదే పడుతుంది. దీన్ని వదిలేయమని మా సలహా.

బండి రాక, తూకం

అ-5. బండి గేటులోకి రాగానే టోకెన్ నంబరు, బండి నంబరు, రైతు పేరు, వచ్చిన సమయం నమోదు కావాలి. మూలం: 3.1.

అ-6. నిండు బండి తూకం కాటా నుంచి నేరుగా కంప్యూటర్‌లోకి రావాలి, చేత్తో కొట్టకూడదు. మూలం: 3.2.

అ-7. ఖాళీ బండి తూకం కూడా అలాగే రావాలి. రెండు తూకాలూ ఒకే టోకెన్ కింద ఉండాలి. మూలం: 3.2.

అ-8. కాటా కేబుల్ పనిచేయకపోతే తూకాన్ని చేత్తో ఎక్కించే వీలుండాలి. అలా ఎక్కించిన తూకం పట్టీ మీద వేరే గుర్తుతో కనిపించాలి. ఎవరు, ఎన్ని గంటలకు ఎక్కించారో నమోదు కావాలి. మూలం: 3.2, మా చేర్పు. "చేత్తో కొట్టకూడదు" అన్న మీ మాట సరైనదే. కానీ ఉదయం ముప్పై బండ్లు వరుసలో ఉండగా కేబుల్ తెగితే మండీ ఆగిపోకూడదు. మీ కాటా డిస్‌ప్లేకు ఆర్ఎస్-232 పోర్టు ఉందని ఫొటోలో కనిపిస్తోంది కాబట్టి అ-6, అ-7 చేయగలం.

సూట్, గ్రేడు

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. రైతుకూ మండీకీ మాటామాటా పెరిగేది ఇక్కడే. మీ పత్రంలోనే ఇది మూడు రకాలుగా ఉంది.

అ-9. నికర తూకం నుంచి సూట్ తీసి, మిగిలిన తూకానికే ధర కట్టాలి. మూలం: 4.1.

అ-10. సూట్ టన్నుకు ఎంతో మండీ యజమాని మాత్రమే మార్చగలగాలి. మార్చిన తేదీ నిలవాలి. పాత పట్టీలు మారకూడదు. మూలం: 4.3, మా చేర్పు (పాత పట్టీల సంగతి).

అ-11. సూట్ లెక్క. మూలం: 4.2, 4.4, అనుబంధం 1. తేలాలి. 4.2లో "టన్నుకు 50 కిలోలు" అని ఉంది. 4.4లో "పూర్తి టన్నులకే సూట్" అని ఉంది. అనుబంధం 1లో మీరు పెట్టిన పాత పట్టీల ఫొటోల్లో రెండో దాంట్లో టన్నుకు 100 కిలోలు తీశారు. తేడా ఎంతో ఒక బండి మీదే చూడండి. నిండు తూకం 9,860 కిలోలు, ఖాళీ తూకం 4,310, నికరం 5,550. ధర టన్నుకు ₹24,000 అనుకుందాం.

టన్నుకు 50, ముక్క టన్నుకూ కలిపి: సూట్ 277.5 కిలోలు.
టన్నుకు 50, పూర్తి టన్నులకే: సూట్ 250 కిలోలు. మొదటి లెక్కతో పోలిస్తే రైతుకు ₹660 ఎక్కువ వస్తుంది.
టన్నుకు 100, ముక్క టన్నుకూ కలిపి: సూట్ 555 కిలోలు. మొదటి లెక్కతో పోలిస్తే రైతుకు ₹6,660 తగ్గుతుంది.

ఈ మూడింటిలో ఏది సరైనదో ప్రోగ్రామర్ తనకు తోచినట్టు రాయకూడదు, గుమాస్తా గారు ఫోన్‌లో చెప్పినా చాలదు. మీరు సంతకం పెట్టిన కాగితం కావాలి. అది వచ్చేదాకా అ-11 మీద పని మొదలుపెట్టం.

అ-12. సూట్ ఎన్ని కిలోలు తీశారో పట్టీ మీద విడిగా ఒక వరుసలో కనిపించాలి. మూలం: 6.2.

అ-13. కాయను మూడు గ్రేడులుగా రాసుకోవాలి, ఒక బండిలో ఒకటికి మించి గ్రేడులు ఉండొచ్చు. మూలం: 4.5.

వేలం

అ-14. ప్రతి కుప్పకు లాట్ నంబరు ఉండాలి. అది టోకెన్‌తో ముడిపడాలి. మూలం: 5.1.

అ-15. వేలంలో ఖాయమైన ధర, కొన్న వ్యాపారి పేరు ఎక్కించాలి. మూలం: 5.2.

అ-16. ఖాయమయ్యాక ధర మార్చాలంటే యజమాని పాస్‌వర్డ్ కావాలి, కారణం రాయాలి. మూలం: 5.3.

అ-17. రైతు ధర ఒప్పుకోకపోతే లాట్‌ను "అమ్మలేదు" అని మూసి, మరుసటి వేలానికి పెట్టగలగాలి. మూలం: 5.2, మా చేర్పు. 5.2లో "ధర నచ్చితే" అని మీరే రాశారు. నచ్చకపోతే ఏం చేయాలో రాయలేదు.

పట్టీ

అ-18. పట్టీ తెలుగులో రావాలి. మూలం: 6.1.

అ-19. నికర తూకం, సూట్, ధర, హమాలీ, కమీషన్, పాత అడ్వాన్స్ కోత, చేతికి వచ్చే మొత్తం: ఈ ఏడూ ఇదే వరుసలో ఉండాలి. మూలం: 6.2, అనుబంధం 1 (మొదటి ఫొటో).

అ-20. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. మూలం: 6.3.

అ-21. పట్టీని రెండోసారి ప్రింట్ తీస్తే దాని మీద "నకలు" అని పడాలి. మూలం: 6.4.

చెల్లింపులు, అడ్వాన్సులు

అ-22. రైతుకు డబ్బు ఎప్పుడు ఇవ్వాలో గుర్తుచేసే జాబితా. మూలం: 7.1, 7.4. తేలాలి. 7.1లో "అమ్మిన రోజే" అని ఉంది, 7.4లో "వ్యాపారి కట్టాక" అని ఉంది. రెంటినీ ఒకే సాఫ్ట్‌వేర్ ఒకేసారి పాటించలేదు. ఏ రైతుకు ఏ పద్ధతో ముందే రాసుకునేలా చేస్తే రెండూ నడుస్తాయి. అది మీకు సమ్మతమైతే దాన్ని అ-22అ అని కొత్తగా రాస్తాం.

అ-23. పూత సమయంలో రైతుకు ఇచ్చిన అడ్వాన్స్ తేదీవారీగా ఉండాలి. మూలం: 7.5.

అ-24. ఒక్కో పట్టీలో అడ్వాన్స్ ఎంత కోయాలో గుమాస్తా ఎక్కించాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను మొత్తం కోయకూడదు. మూలం: 7.6, అనుబంధం 2 (గుమాస్తా గారి నోటు, 7వ అంశం). గుమాస్తా గారు దీని కింద రెండు గీతలు గీశారు. మేమూ దీన్ని ముఖ్యమైనదిగానే తీసుకున్నాం.

వ్యాపారులు, లారీ లోడు

అ-25. వ్యాపారి వారీగా కొన్నది, కట్టింది, బాకీ కనిపించాలి. మూలం: 8.1.

అ-26. ఏ లారీలో ఏ లాట్లు ఎక్కాయో లోడు కాగితం రావాలి. మూలం: 8.2.

అ-27. ప్రతి లారీకీ ఈ-వే బిల్లు తయారుకావాలి. మూలం: 8.4. తేలాలి. తాజా పండ్లకు జీఎస్టీ లేదు, ఈ-వే బిల్లు నిబంధనల్లోనూ వాటికి మినహాయింపు ఉంది. చీనీ తప్ప వేరే సరుకు మీ లారీల్లో పోతుందా అన్నది మీ ఆడిటర్‌ను అడిగి చెప్పండి. పోకపోతే ఈ పనికి మీరు డబ్బు పెట్టక్కర్లేదు.

మెసేజ్‌లు

అ-28. పట్టీ కాగానే రైతు ఫోన్‌కు తెలుగులో ఎస్ఎంఎస్ పోవాలి. మూలం: 9.1.

అ-29. ఎస్ఎంఎస్‌లో నికర తూకం, ధర, చేతికి వచ్చే మొత్తం మాత్రమే ఉండాలి. మూలం: 9.1, మా చేర్పు. మీరిచ్చిన నమూనాలో ఊరు, బండి నంబరు, హమాలీ అన్నీ ఉన్నాయి. తెలుగు ఎస్ఎంఎస్ ఒకదాంట్లో 70 అక్షరాలే పడతాయి. గుణింతం, వత్తు కూడా విడిగా లెక్కకు వస్తాయి. అది దాటితే ముక్కలై రెండు, మూడు మెసేజ్‌ల ఖర్చు పడుతుంది. ఇంకో సంగతి, వ్యాపారం తరఫున పంపే మెసేజ్ నమూనాను టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే నమోదు చేయించాలి. ఆ నమోదు మీ పేరు మీదే జరగాలి కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి.

రిపోర్టులు, కంప్యూటర్లు

అ-30. రోజువారీ రాక, అమ్మకం, కమీషన్, హమాలీ రిపోర్టు సాయంత్రం ఒక్క బటన్‌తో రావాలి. మూలం: 10.1, 10.2, 11.6.

అ-31. కరెంటు పోయినా, నెట్ లేకపోయినా తూకం, పట్టీ ఆగకూడదు. మూలం: 11.2. దీనికి ఇన్వర్టర్ మీరు పెట్టాలి, నెట్ లేకుండా నడిచే సాఫ్ట్‌వేర్ మేం ఇస్తాం.

అ-32. రోజూ రాత్రి బ్యాకప్ వేరే చోటికి పోవాలి. మూలం: 11.3.

అ-33. యజమాని, గుమాస్తా, కాటా మనిషి: ముగ్గురికీ వేర్వేరు లాగిన్‌లు ఉండాలి. మూలం: 11.4.

అ-34. "మంచి వేగంగా ఉండాలి." మూలం: 11.5. తేలాలి. ఈ మాటను పరీక్షించడం ఎలాగో ఎవరికీ తెలియదు. "ఖాళీ తూకం పడ్డాక పది సెకన్లలో పట్టీ ప్రింటర్‌కు పోవాలి" అని రాద్దామా? ఒప్పుకుంటే అదే అ-34 అవుతుంది.

మీ నిర్ణయం కావలసినవి అ-4, అ-11, అ-22, అ-27, అ-34. మా చేర్పులు అ-8, అ-10, అ-17, అ-29. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం మండీ సద్దుమణిగాక మేమే వస్తాం. గుమాస్తా గారు కూడా ఉంటే బాగుంటుంది, ఎందుకంటే అనుబంధం 2 ఆయన రాసిందే.

విభాగం 1 (మండీ చరిత్ర) నుంచి నంబరు తీయలేదు, అందులో సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పని లేదు. 8.3 (తోటలను గుత్తకు కొనడం) నుంచి కూడా తీయలేదు. "ముందు ముందు చూద్దాం" అని మీరే రాశారు కాబట్టి ఈ విడతలో అది లేదు, ఇచ్చిన ధరలోనూ కలపలేదు. 10.3లో అడిగిన మొబైల్ యాప్ సంగతీ అంతే: 11.1లో "ఆఫీసు కంప్యూటర్‌లోనే చాలు" అని ఉంది, తేదీని బట్టి 11.1 తర్వాత రాసింది. యాప్ కావాలంటే శుక్రవారం చెప్పండి, అ-35 నుంచి రాస్తాం.