అక్క పిండి లెక్క

మా బావది విజయనగరంలో షేర్ ఆటో, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నుంచి నెల్లిమర్ల వైపు తిప్పుతాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయింది. నాకు మంచిదే, శ్రీకాకుళం నుంచి అక్క ఇంటికి టికెట్ లేకుండా వచ్చేస్తున్నాను. కానీ బావ ఆటో ఎక్కేవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. ఆ నెలలోనే ఇంట్లో తేడా తెలిసిపోయింది. అక్టోబరులో ప్రభుత్వం ఆటోవాళ్ళకి ఇచ్చిన 15,000 ఇన్సూరెన్సుకీ టైర్లకీ సరిపోయింది.

అక్క పెళ్ళికి అమ్మ ఇచ్చిన రెండు లీటర్ల గ్రైండర్ ఒకటి ఉంది. ఎదురు అపార్ట్‌మెంట్లో ఒకావిడ "మీ ఇంట్లో రోజూ రుబ్బుతున్న చప్పుడు వస్తుంది, నాకూ ఓ కేజీ పిండి ఇస్తావా" అని అడిగింది. అంతే, మొదలు అక్కడే. కేజీ మినప గుండ్లకి రెండు కేజీల ఇడ్లీ రవ్వ, అన్నీ కలిపి ఆరున్నర కేజీల దాకా పిండి వస్తుంది. కేజీ 60 రూపాయలు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఊరంతా చుట్టాలతో నిండిపోతుంది కదా, ఆ రెండు రోజులూ గ్రైండర్‌కి విశ్రాంతి లేదు. పప్పు వేడెక్కకుండా ఐసు నీళ్ళు పోస్తూ రుబ్బింది పాపం.

డిసెంబరులో దెబ్బ తగిలింది. చలికి పిండి పొంగలేదు. తెల్లారి మూత తీస్తే రాత్రి ఎలా కలిపిందో అలాగే, పైన చేతివేళ్ళ గీతలు కూడా చెరగకుండా ఉందట. టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లో అలాగే ఇచ్చేసింది. ఇడ్లీలు రాళ్ళలా వచ్చాయని తొమ్మిది మంది తిట్టారు. అందరికీ డబ్బులు తిరిగిచ్చింది, తర్వాతి రోజు నుంచి గోరువెచ్చని నీళ్ళతో కలిపి, గిన్నెకి పాత దుప్పటి చుట్టి, పొయ్యి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఆ తొమ్మిది మందిలో ఏడుగురు మళ్ళీ వచ్చారు.

ఆ రోజు నుంచే పుస్తకం రాస్తోంది. అక్క వాళ్ళ పాప పాత నోటు పుస్తకం, ప్రతి పేజీ అంచునా ఎండిపోయిన పిండి వేలిముద్రలే. పప్పు ఎంత, రవ్వ ఎంత, కవర్లు, కరెంటు, ఎవరు అప్పు పెట్టారు, అన్నీ అందులోనే. రోజుకి మూడు కేజీల పప్పు పోస్తే అన్నీ పోను 400 పైనే మిగులుతోంది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఫిబ్రవరిలో బావ, వాళ్ళన్నయ్య కలిసి కొత్త ఆటో ఫైనాన్సులో తీసుకుందామని కాగితాలు తెచ్చారు. నెలకి 9,500 చొప్పున నాలుగేళ్ళు. పాత ఆటో కొన్నప్పుడు అక్కని ఏమీ అడగలేదు, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు, పెట్టింది. తర్వాత మెళ్ళో గొలుసు తాకట్టుకి వెళ్ళినప్పుడు కూడా మాట్లాడలేదు. ఈసారీ పెన్ను చేతికిచ్చారు. అక్క పెన్ను కింద పెట్టి లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చుకుంది.

"గ్యాసు పోను మీకు రోజుకి ఎంత మిగులుతోందండీ?"

బావ కాసేపు ఆలోచించి ఐదొందలు ఉండొచ్చు అన్నాడు. "ఉండొచ్చు కాదు, నిన్న ఎంత? మొన్న ఎంత?" అని ఒక్కో రోజూ అడిగి రాసింది. వారం రోజుల సగటు తీస్తే రోజుకి 380. అందులోంచి కిస్తీకే రోజుకి 310 పైన పోతుంది. వాళ్ళన్నయ్య "మగాళ్ళు మాట్లాడుకుంటున్నాం కదమ్మా" అన్నాడు. అక్క గొంతు వణికిందట, నాతో తనే చెప్పింది, కానీ ఆగలేదు. "సంతకం నాదైతే మాట కూడా నాదే బావగారూ. పాత బండికి ఇంజిన్ పని చేయిద్దాం, 22,000 అవుతుందన్నారు, 12,000 నా దగ్గర ఉన్నాయి" అంది.

ఎవరూ మాట్లాడలేదు. మా అక్క అత్తగారు, పదహారేళ్ళలో అక్క వైపు ఒక్క మాట అనని మనిషి, వాకిట్లోంచి "అది లెక్క చెప్తుంది కదరా, ఇనుకో" అంది. నాకైతే ఆ మాట వినగానే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

ఇంజిన్ పని అయింది. ఇప్పుడు బావే పొద్దున్న ఆరు గంటలకి రెండు టిఫిన్ బళ్ళకి పిండి దింపి, తర్వాత స్టాండుకి వెళ్తున్నాడు. పాపకి పాలిటెక్నిక్ అప్లికేషన్ ఎప్పుడు పెట్టాలో అక్కనే అడుగుతున్నారు. ఎండలు ముదిరాక పిండి పులిసిపోతుందని అక్క సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ ఒకటి చూసింది, ఎనిమిది వేలు. బావ ఇంకో నెల ఆగుదాం అంటున్నాడు. అక్క ఏడు వేలకి బేరం ఆడటానికి రేపు నన్ను తోడు రమ్మంది.