ఏడో తరగతి సైన్సు హోంవర్క్: నల్లకాగితం అంటించిన ఆకు

సుజాతా, చిన్నోడి ప్రశ్న తెలుగులో ఇదీ:

“కుండీలోని మొక్కను రెండు రోజులు చీకటి గదిలో ఉంచారు. తర్వాత ఒక ఆకులో కొంతభాగానికి రెండు వైపులా నల్లకాగితం అంటించి, మొక్కను ఆరు గంటలు ఎండలో పెట్టారు. ఆ ఆకును అయోడిన్‌తో పరీక్షిస్తే కాగితం కింది భాగం నీలి నలుపుగా మారలేదు. (అ) ఎందుకు? (ఆ) ముందు చీకట్లో ఎందుకు ఉంచారు? (ఇ) సమీకరణం రాయండి.”

జవాబులకు ముందు వాడికి ఇలా చెప్పు. ఆకు ఒక వంటగది. వేర్లు పీల్చిన నీరు కాండం గుండా పైకొస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆకుకు ఉన్న సన్నని పత్రరంధ్రాల్లోంచి లోపలికి వెళ్తుంది. పొయ్యి మంట ఎండ. ఆ ఎండను పట్టేది ఆకుపచ్చని పత్రహరితం. వండితే వచ్చేది గ్లూకోజ్. ఆక్సిజన్ బయటికి పోతుంది. మిగిలిన గ్లూకోజ్‌ను ఆకు పిండిపదార్థంగా మార్చి దాచుకుంటుంది. దీన్నే కిరణజన్య సంయోగక్రియ అంటారు. పేరు చూసి బెదరక్కర్లేదు, కిరణాల వల్ల జరిగే కలయిక అని అర్థం.

అయోడిన్ పట్టిచ్చేది ఆ పిండినే. చల్లారిన గంజి రెండు చెంచాలు తీసుకుని, గాయాలకు రాసే అయోడిన్ లోషన్ ఒక్క చుక్క వేసి చూపించు. సిరాలా నల్లబడుతుంది. వేడి గంజిలో ఆ రంగు నిలవదు, చల్లారాకే వెయ్యి.

ఇక జవాబులు. (అ) కాగితం కింద వెలుతురు పడలేదు కాబట్టి అక్కడ పిండి తయారుకాలేదు. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే, “అక్కడ పత్రహరితం లేదు” అని రాసేస్తారు. పత్రహరితం ఉంది, లేనిది వెలుతురే. (ఆ) ఆకులో అంతకుముందు దాచిన పిండి ఖర్చయిపోవాలి. లేకపోతే పాత పిండికే అయోడిన్ రంగు మారి, ఆకంతా నల్లబడుతుంది. (ఇ)

6CO2 + 6H2O → C6H12O6 + 6O2

బాణం మీద సూర్యకాంతి, కింద పత్రహరితం అని రాయించు. ముందున్న ఆ 6 అనే అంకె ఎందుకని అడిగితే రెండు వైపులా కార్బన్లు లెక్కపెట్టమను: ఇటు ఆరు, అటు ఆరు. వచ్చే ఆక్సిజన్ నీటిది, కార్బన్ డయాక్సైడ్‌ది కాదు. పెద్ద తరగతుల్లో ఇది అడుగుతారు, ఇప్పుడే చెవిన పడేస్తే మంచిది.

ఆకు పరీక్ష మాత్రం ఇంట్లో వద్దు. పచ్చదనం పోవడానికి ఆకును స్పిరిట్‌లో వేడిచేయాలి. స్పిరిట్ గిన్నెను వేడినీళ్లలో పెట్టాలే తప్ప నేరుగా మంట మీద పెడితే భగ్గుమంటుంది. అది బడి ల్యాబ్‌లో టీచర్ ముందు చేస్తారులే.