రానూపోనూ 150 రూపాయలు
(విరాళాల కోసం వీడియో స్క్రిప్ట్, నిడివి సుమారు మూడు నిమిషాలు)

[తెల్లవారుజాము, చీకటి. కొబ్బరితోటల మధ్య మట్టిరోడ్డు. దూరంగా ఆటో లైటు.]

వాయిస్: టైమ్ నాలుగైంది. ఇది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర ఒక పల్లె. ఈ పెద్దమ్మ పేరు చెప్పొద్దంది, అందుకే చెప్పడం లేదు. నలభై ఏళ్లు జీడితోటల్లో కూలి చేసింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు డయాలసిస్ మిషన్ పక్కన పడుకోవాలి.

[పెద్దమ్మ గ్లాసులో కొలిచి నీళ్లు పోసుకుంటుంది. వెనక కొబ్బరి గెలలు.]

పెద్దమ్మ: ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే బాబూ. బొండం నీళ్లు మాత్రం తాగకూడదన్నారు. మామూలు నీళ్లు కూడా లెక్క చూసుకునే తాగాలి.

వాయిస్: ఇక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నేనూ ఈ ఊరివాణ్నే, మా నాన్న ఈ జబ్బుతోనే పోయారు. ప్రభుత్వ సెంటర్లలో డయాలసిస్‌కి డబ్బు తీసుకోరు, పింఛనూ వస్తుంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ మిషన్ దగ్గరికి చేరేదెలా?

[ఖాళీ బస్టాపు.]

వాయిస్: పోయిన ఏడాది వానాకాలంలో రెండు ఆటోలు మారి, బస్సు తప్పిపోయి, పెద్దమ్మ వరసగా రెండుసార్లు వెళ్లలేకపోయింది. ఒంట్లోకి నీరు చేరి కాళ్లు ఉబ్బిపోయాయి, పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చుంది. కోడలు మాకు ఫోన్ చేసింది. ఆ రాత్రికి రాత్రే తెలిసినవాళ్ల ఆటోలో తీసుకెళ్లాం, బతికింది.

ఆ తర్వాతే నలుగురు స్నేహితులం కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నాం. ఇంటి గుమ్మం దగ్గర ఎక్కించుకుని, డయాలసిస్ అయ్యేదాకా ఉండి, మళ్లీ గుమ్మం దగ్గరే దింపుతుంది. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతుంటే, బస్సులో నిలబడి రావడం ఎంత నరకమో మా నాన్నతో తిరిగిన నాకు తెలుసు.

[ఆటోలో ముగ్గురు. పెద్దమ్మ నవ్వుతుంది.]

పెద్దమ్మ: ఈ ఏడు నెలల్లో ఒక్కసారి కూడా మానలేదు.

వాయిస్: ఇప్పుడు ఏడుగురిని తీసుకెళ్తున్నాం. ఇంకా 11 మంది మా నోట్‌బుక్‌లో పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్నారు, వాళ్లకి రెండో ఆటో కావాలి. ఒక మనిషికి రానూపోనూ 150 రూపాయలు పడుతుంది, నెలకి 12 సార్లకి 1,800. పదకొండు మందికి ఆరు నెలలకి కావలసింది 1,18,800 రూపాయలు.

[స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్. చివరిదాకా ఉంటుంది.]

వాయిస్: ఇప్పుడే ఫోన్ తీసి ఈ కోడ్ స్కాన్ చేయండి. 150 పంపితే ఒక రోజు ప్రయాణం, 1,800 పంపితే ఒకరికి నెలంతా. నోట్ దగ్గర 'ఆటో' అని రాయండి, ప్రతి నెలా లెక్కంతా మీకు వాట్సాప్‌లో పంపిస్తాం. డబ్బు కుదరకపోతే ఉద్దానం నుంచి వెళ్లి హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, గల్ఫ్‌లోనో ఉన్న మీవాళ్లకి ఈ వీడియో పంపండి. ఈ నెలాఖరులోగా మొదటి నెల డబ్బు, 19,800 రూపాయలు జమైతే, ఒకటో తారీఖున తెల్లవారుజామున నాలుగింటికి రెండో ఆటో బయల్దేరుతుంది.