ఉద్యోగ ప్రకటన (తిరగరాసినది): అకౌంట్స్ అసిస్టెంట్, ఆటోనగర్, విజయవాడ

ఇదే ఉద్యోగానికి ముందు ఇచ్చిన ప్రకటనను వెనక్కి తీసుకున్నాం. అందులో "డైనమిక్ యువత", "ఒత్తిడిని ఎంజాయ్ చేసే రాక్‌స్టార్", "మల్టీ టాస్కింగ్", "కుటుంబం లాంటి వాతావరణం", "ఆకర్షణీయమైన జీతం" అని ఉంది. వచ్చిన ఫోన్లలో అందరూ అడిగినవి రెండే: పనేంటి, జీతమెంత? ఆ రెండూ పాత ప్రకటనలో ఎక్కడా లేవు. ఈ ప్రకటనలో ఉన్నాయి. పాతది చూసి అప్లై చేసినవాళ్లు మళ్లీ అప్లై చేయనక్కర్లేదు. ఇది చదివాక కూడా ఆసక్తి ఉందో లేదో ఒక్క మాట తెలియజేస్తే చాలు.

మేం ఎవరం

లారీలు, బస్సుల స్పేర్ పార్టులు హోల్‌సేల్‌గా అమ్ముతాం. బ్రేక్ లైనర్లు, క్లచ్ ప్లేట్లు, బేరింగులే ఎక్కువ. సరుకు ఢిల్లీ, లూధియానా, రాజ్‌కోట్ నుంచి వస్తుంది. గుంటూరు, ఏలూరు, మచిలీపట్నం, ఖమ్మం వైపు షాపులకూ మెకానిక్ షెడ్లకూ వెళ్తుంది. కౌంటర్, గోడౌన్, ఆఫీసు కలిపి 14 మందిమి. అకౌంట్స్‌లో ఇప్పుడు ఇద్దరం: ఈ ప్రకటన రాస్తున్న నేను (అకౌంట్స్ మేనేజర్), ఇంకో అసిస్టెంట్. ఆమె హైదరాబాద్ వెళ్లిపోతున్నారు. మీరు రావలసింది ఆమె స్థానంలోకే.

పని

రోజులో సగం పర్చేజ్ ఎంట్రీలే. సరుకుతో వచ్చిన బిల్లునూ లారీ రసీదునూ గోడౌన్ వాళ్లు రాసిచ్చిన లెక్కతో సరిపోల్చి టాలీలో ఎక్కించాలి. రోజుకు 20 నుంచి 30 బిల్లులు వస్తాయి. బిల్లులో 50 బేరింగులని ఉండి, పెట్టెలో 48 ఉండటం ఇక్కడ మామూలే. అలాంటప్పుడు బిల్లు పక్కన పెట్టి, గోడౌన్‌తో ఒకసారి మళ్లీ లెక్కపెట్టించి, సప్లయర్‌కు ఆ రోజే ఫోన్ చేయాలి. వారం ఆగితే వాళ్లు ఒప్పుకోరు.

సేల్స్ బిల్లులు కౌంటర్ వాళ్లే కొడతారు. అవి బయటికి పోయేముందు మీరు చూడాలి. మా టర్నోవర్ 5 కోట్లు దాటింది కాబట్టి జీఎస్టీ నంబరున్న ప్రతి పార్టీకీ ఈ-ఇన్‌వాయిస్ తీయాలి. ఐఆర్‌ఎన్ వచ్చాక 24 గంటలు దాటితే ఆ బిల్లు రద్దు కాదు, క్రెడిట్ నోట్ ఇవ్వడమే దారి. అందుకే చూడటమేదో ముందే చూడాలి.

ఎలాంటివి పట్టుకోవాలో ఒక ఉదాహరణ. ఖమ్మం పార్టీకి 46,000 రూపాయల క్లచ్ ప్లేట్లు పంపుతున్నాం. 50,000 లోపే కదా, ఈ-వే బిల్లు ఎందుకని కౌంటర్ కుర్రాడు లారీ ఎక్కించబోయాడు. కానీ పరిమితి చూసేది పన్ను కలిపిన విలువ మీద. 18 శాతం, అంటే 8,280 కలిపితే 54,280. ఈ-వే బిల్లు ఉండాల్సిందే. పైగా ఖమ్మం తెలంగాణలో ఉంది కాబట్టి ఐజీఎస్టీ పడాలి. అదే సరుకు ఏలూరు పోతే సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9. ఇది మీకు ఇప్పటికే తెలిస్తే సగం పని వచ్చినట్టే. తెలియకపోతే మొదటి నెలలో నేర్పుతాం.

50,000 దాటకుండా రెండు బిల్లులు చేసివ్వమని అడిగే పార్టీలు ఉంటాయి. చేయం. మీరు కాదన్నందుకు కౌంటర్ దగ్గర ఎవరైనా గొడవ పడితే నా దగ్గరికి పంపండి.

ఇవి కాక, రోజూ సాయంత్రం బ్యాంకు స్టేట్‌మెంట్‌తో టాలీని సరిచూడటం, వాపసు వచ్చిన సరుకుకు క్రెడిట్ నోట్లు, వారానికోసారి 45 రోజులు దాటిన బాకీల జాబితా తీసి సేల్స్ వాళ్లకు ఇవ్వడం కూడా మీ పనే. జాబితా ఇవ్వడం వరకే. వసూలుకు మీరు వెళ్లనక్కర్లేదు, పార్టీలకు ఫోన్ చేసి గట్టిగా అడగనక్కర్లేదు.

నెలలో మూడు తేదీల చుట్టూ పని బిగుస్తుంది. 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1, 20లోగా 3బీ వేయాలి. మధ్యలో 14న 2బీ వస్తుంది. దాన్ని మన పర్చేజ్ రిజిస్టర్‌తో పోల్చి, సప్లయర్ రిటర్న్ వేయక 2బీలో కనపడని బిల్లులేవో తేల్చాలి, ఎందుకంటే అవి కనపడేదాకా ఆ పన్ను క్రెడిట్ మనకు రాదు. ఈ పోలిక మీరు చేస్తారు. రిటర్న్ దాఖలు చేసే బాధ్యత నాదీ ఆడిటర్‌దీ. పాత ప్రకటనలో "ఎండ్ టు ఎండ్ ఓనర్‌షిప్" అని రాసింది దీని గురించే. రెండేళ్ల అనుభవం ఉన్న మనిషి మీద మొత్తం రిటర్న్ భారం పెట్టడం న్యాయం కాదు కాబట్టి దాన్ని తీసేశాం.

"మల్టీ టాస్కింగ్" అన్న మాట వెనక ఉన్నది ఇంతే: మధ్యాహ్నం భోజనాల వేళ అరగంట కౌంటర్ ఫోన్లు ఎత్తాలి, అదీ వంతుల ప్రకారం. యజమాని ఇంటి పనులు, టీలు తేవడం, నగదు పట్టుకుని బ్యాంకుకు వెళ్లడం ఈ ఉద్యోగంలో లేవు.

తప్పనిసరిగా కావలసినవి

- ఏదైనా డిగ్రీ. బీకామే కావాలని లేదు.
- బిల్లింగ్ గానీ అకౌంట్స్ గానీ కనీసం ఏడాది చేసి ఉండాలి. ఆడిటర్ ఆఫీసులో, కిరాణా హోల్‌సేల్‌లో, మందుల ఏజెన్సీలో చేసినా లెక్కే. మధ్యలో ఖాళీ ఉంటే ఫరవాలేదు, కారణం అడగం.
- టాలీ ప్రైమ్‌లో పర్చేజ్, సేల్స్, రిసీట్, పేమెంట్ వోచర్లు ఎవరి సాయం లేకుండా వేయగలగాలి.
- ఎక్సెల్‌లో ఫిల్టర్, వీ-లుకప్ రావాలి. 2బీ పోలికకు అవి లేకపోతే రోజంతా పడుతుంది.
- ఇంగ్లిష్ బిల్లు చదివి అర్థం చేసుకోగలగాలి. ఇంగ్లిష్‌లో మాట్లాడే పని ఇక్కడ లేదు. "ఎక్సలెంట్ కమ్యూనికేషన్ స్కిల్స్" అన్నది కొట్టేశాం.

ఉంటే మంచిది, లేకపోయినా అప్లై చేయండి

ఉత్తరాది సప్లయర్లతో ఫోన్లో మాట్లాడేంత హిందీ. జీఎస్టీ పోర్టల్‌లో పనిచేసిన అనుభవం. స్పేర్ పార్టుల పేర్లు ముందే తెలియాలని ఏమీ లేదు. రెండు నెలల్లో అవే నోటికి వస్తాయి.

వయసు పరిమితి లేదు. మొదటి ప్రకటనలో "25 లోపు" అని ఉన్నదానికి ఏ కారణమూ లేదు. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ ఉద్యోగంలోకి రావాలనుకునే వాళ్లు నిరభ్యంతరంగా అప్లై చేయవచ్చు. ఫొటో, పెళ్లి వివరాలు, కులం పంపవద్దు.

జీతం, వేళలు

ఏడాది అనుభవం ఉంటే నెలకు 24,000. మూడేళ్లు దాటితే 27,000 వరకు. 24,000 లో బేసిక్ 15,000. మొత్తం 24,000 లోంచి మీ పీఎఫ్ వాటా 1,800, వృత్తి పన్ను 200 పోను చేతికి 22,000 వస్తుంది. కంపెనీ కట్టే పీఎఫ్ వాటాను మీ 24,000 లోంచి కోయం, అది అదనం. జీతం 21,000 దాటుతుంది కాబట్టి ఈఎస్‌ఐ వర్తించదు. దాని బదులు మీకూ, భార్య లేదా భర్తకూ, ఇద్దరు పిల్లలకూ కలిపి 2 లక్షల ఆరోగ్య బీమా ఉంటుంది, ప్రీమియం మాదే. దసరాకు ఒక నెల బేసిక్ బోనస్‌గా ఇస్తాం. జీతం ప్రతి నెలా 5లోగా బ్యాంకులో పడుతుంది.

వేళలు ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30, మధ్యలో గంట భోజనం. ఆదివారం సెలవు. రిటర్నుల ముందు రెండు మూడు రోజులు 8 దాకా ఉండాల్సి రావచ్చు. మార్చి నెలాఖరు స్టాక్ లెక్కింపుకు ఒక ఆదివారం రావాలి. ఆ గంటలకు రెట్టింపు చొప్పున కడతాం. మిగతా రోజుల్లో 6:30 అయితే ఇంటికే. రాత్రిపూట వాట్సాప్‌లో పని మెసేజ్‌లు ఉండవు. "ఒత్తిడిలో పనిచేయాలి" అంటే మా ఉద్దేశం నెలకు ఆ నాలుగైదు సాయంత్రాలే.

సెలవులు: క్యాజువల్ 12, అనారోగ్యం 12, అర్జితం 15. 10, 11, 19, 20 తేదీల్లో సెలవు దొరకడం కష్టం. ముహూర్తాలు సరిగ్గా ఆ తేదీల్లోనే పడతాయని మాకూ తెలుసు. నెల ముందు చెబితే సర్దుకుంటాం.

మొదటి ఆరు నెలలు ఏం ఆశిస్తున్నాం

మొదటి నెల పర్చేజ్ ఎంట్రీలు మాత్రమే. ప్రతి ఎంట్రీ నేను చూస్తాను, తప్పులు వస్తాయి, వాటికి జీతం కోత ఉండదు. వెళ్లిపోతున్న అసిస్టెంట్ రెండు వారాలు మీ పక్కనే ఉంటారు. రెండో నెల నుంచి బ్యాంకు, క్రెడిట్ నోట్లు. మూడో నెలలో 2బీ పోలిక నాతో కలిసి చేస్తారు, ఆరో నెలకు ఒక్కరే చేయగలగాలి. అప్పటికి రోజు ఎంట్రీలు రోజే పూర్తవుతూ ఉంటే ఉద్యోగం ఖాయం చేసి లెటర్ ఇస్తాం. ఖాయమయ్యేదాకా జీతం తక్కువ ఇచ్చే పద్ధతి లేదు. ఏదైనా తేడా ఉంటే మూడో నెలలోనే కూర్చోబెట్టి చెబుతాను, ఆరో నెల చివరి రోజున కాదు.

ఎదుగుదల గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. ఏడాదికి 1,500 నుంచి 2,500 దాకా పెంపు ఉంటుంది. అకౌంట్స్‌లో పై కుర్చీ ఒక్కటే, అందులో నేనున్నాను, ఇప్పట్లో లేచే ఆలోచన లేదు. రెండు మూడేళ్లు పని నేర్చుకుని పెద్ద కంపెనీకి వెళ్తామంటే మాకు అభ్యంతరం లేదు. నెల నోటీసు ఇస్తే అనుభవ ధ్రువపత్రం చివరి రోజే చేతికిస్తాం. బాండ్ లేదు.

ఎలా అప్లై చేయాలి

ఈ ప్రకటన కిందే 2026 జూన్ 27 లోపు రెజ్యూమే పెట్టండి. ఒక పేజీ చాలు, తెలుగులో రాసినా సరే. "కెరీర్ ఆబ్జెక్టివ్" అవసరం లేదు. ఎక్కడ, ఎన్నాళ్లు, రోజుకు సుమారు ఎన్ని ఎంట్రీలు వేసేవాళ్లో రాయండి.

పిలిచినవాళ్లకు జూలై 4, శనివారం మా ఆఫీసులో అరగంట పరీక్ష: పది బిల్లులు ఇస్తాం, టాలీలో వేయాలి. అందులో రెండింట్లో తప్పులుంటాయి, పట్టుకోవాలి. తర్వాత నాతో ఒక్క ఇంటర్వ్యూ. వేరే ఊరి నుంచి వచ్చేవాళ్లకు బస్సు ఛార్జీలు ఇస్తాం. ఎంపికైనా కాకపోయినా వారంలో ఫోన్ చేసి చెబుతాం. చేరాల్సింది జూలై 15న.

సర్టిఫికెట్లు చూసి అక్కడే తిరిగి ఇచ్చేస్తాం, ఒరిజినల్స్ మా దగ్గర ఉంచుకోం. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, డిపాజిట్ అంటూ మా పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఈ ఉద్యోగానికి ఏజెంట్లెవరూ లేరు.