నల్గొండ రామగిరిలో 2 బీహెచ్‌కే కిరాయికి: నెలకు 9,500, ఫ్యామిలీకి మాత్రమే

డిసెంబరు 1 నుంచి ఖాళీ. రెండో అంతస్తు, తూర్పు ముఖం, లిఫ్టు లేదు. మెట్లు 38. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ముందు ఒకసారి ఎక్కి చూసి నిర్ణయించుకోండి. కట్టి పదిహేనేళ్లు దాటింది. రెండు బెడ్‌రూములు, హాలు, వంటిల్లు, ఒక అటాచ్డ్ బాత్రూము, ఒక కామన్ బాత్రూము (ఇండియన్), చిన్న బాల్కనీ. మొత్తం 950 చదరపు అడుగులు. కబోర్డులకు తలుపులు పెద్ద బెడ్‌రూములోనే ఉన్నాయి, చిన్న దాంట్లో ఉత్త అరలే. కోతులు వస్తాయి కాబట్టి బాల్కనీకి గ్రిల్లు పెట్టించాం. అయినా వంటింటి కిటికీ తీసి బయటికి పోవద్దు.

నీళ్ల సంగతి వివరంగా చెప్పాలి. వంటింట్లో రెండు నల్లలున్నాయి. ఎడమది మున్సిపల్ నీళ్లు, కుడిది బోరు. తాగడానికి, వండడానికి ఎడమదే వాడండి. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, కాచినా పోదు, మామూలు క్యాండిల్ ఫిల్టరు ఆపలేదు. మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సంపులో నిండుతాయి. నాలుగైదు బిందెలు పట్టి పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. బాత్రూముల్లో వచ్చేది బోరు నీళ్లే. సబ్బు సరిగ్గా నురగ రాదు, నల్లల మీద తెల్లటి పొర కడుతుంది, గీజరు ఎలిమెంటు తొందరగా పాడవుతుంది. గీజరు మేం పెట్టలేదు, పాయింటు మాత్రం ఉంది. పైన ట్యాంకు 2,000 లీటర్లు, మూడు ఇళ్లకూ అదొక్కటే. మోటరు పొద్దున 6కు, సాయంత్రం 6కు మేమే వేస్తాం.

పైన ఇంకో అంతస్తు లేదు, నేరుగా స్లాబే. ఎండాకాలంలో ఆ వేడి రాత్రి పదింటి దాకా దిగదు. పైన తెల్ల కూల్ పెయింట్ వేయించాం, కొంత తగ్గింది కానీ కూలరు తప్పదు. హాలు కిటికీ బయట దానికి స్టాండు ఉంది. ఏసీ పాయింటు పెద్ద బెడ్‌రూములో ఒకటే. ఏసీ, గీజరు, ఇస్త్రీ పెట్టె మూడూ ఒకేసారి వేస్తే ఎంసీబీ పడిపోతుంది. కామన్ బాత్రూము బయటి గోడకు వానాకాలంలో చెమ్మ వచ్చేది. పోయినేడు వాటర్‌ప్రూఫింగ్ చేయించాం, మరక మాత్రం అలాగే ఉంది. చూసినప్పుడు అడగండి, చూపిస్తాం.

కిరాయి 9,500, మెట్లు ఊడవడం, మోటరు కరెంటు కలిపి మెయింటెనెన్సు 500. అడ్వాన్సు రెండు నెలలది, 19,000. కరెంటుకు వేరే మీటరుంది, బిల్లు మీరే కట్టుకోవాలి. కిరాయి 5వ తేదీలోపు. అగ్రిమెంటు 11 నెలలకు, రెన్యువల్‌లో 5 శాతం పెరుగుతుంది. నల్ల వాషర్లు, బల్బులు మీవి. గోడలో పైపు, మోటరు, వైరింగు మావి. ఖాళీ చేసేముందు నెల రోజుల ముందు చెప్పాలి. పెయింటింగ్ పేరుతో ఒక నెల కిరాయి పట్టుకోవడం మా దగ్గర లేదు. మేకులు కొట్టి గోడ పాడు చేస్తే ఆ ఖర్చే పట్టుకుంటాం. గోడకు ఇప్పటికే పద్నాలుగు హుక్కులున్నాయి, కొత్తది కావాలంటే అడగండి.

ఇంట్లో మాంసం వండుకోండి, అభ్యంతరం లేదు. కానీ నూనె, ఎముకలు, అన్నం మెతుకులు సింకులో వేయకండి. పైపు సన్నది, జామయితే కింది పోర్షన్ బాత్రూములోకి నీళ్లు ఎగదంతాయి. చెత్త బండి పొద్దున ఏడు గంటల ప్రాంతంలో వస్తుంది, తడి పొడి వేరుగా ఇవ్వాలి. గేటు రాత్రి పదిన్నరకు వేస్తాం, మీకూ ఒక తాళం చెవి ఇస్తాం. డాబా మీద బట్టలు, మిరపకాయలు, వడియాలు ఆరబెట్టుకోవచ్చు, పార్టీలు వద్దు. చుట్టాలు పదిహేను రోజులు దాటి ఉంటే ఒక మాట చెప్పండి. బండ్లు రెండు లోపల పడతాయి. కారు పట్టదు, సందులో పెట్టుకోవాలి, కానీ పక్కింటివాళ్ల గేటు ముందు కాదు.

నలుగురైదుగురున్న కుటుంబం, లేదా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసేవాళ్లు మాకు సరిపోతారు. టీచర్లు, ఆసుపత్రిలో షిఫ్టుల మీద పనిచేసేవాళ్లయినా ఫర్వాలేదు. కులం, మతం అడగం. బ్యాచిలర్లకు, కాలేజీ పిల్లలకు ఇవ్వలేం. ఒకే ట్యాంకు మీద మూడిళ్లు బతకాలి, ఆరేడుగురు చేరితే నీళ్లు చాలవు. కుక్కను పెంచేవాళ్లకు కూడా ఇవ్వం, కింద పోర్షన్లో పసిపిల్లలున్నారు.

గ్రౌండ్ ఫ్లోరులో మేమే ఉంటాం. రామగిరి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి మూడో సందులో, నీలం గేటు, పక్కన వేపచెట్టు. సాయంత్రం 5 నుంచి 7 మధ్య, ఆదివారం పొద్దున ఎప్పుడైనా వచ్చి చూడండి. వచ్చేటప్పుడు ఆధార్ జిరాక్సు, ఉద్యోగం ఐడీ తెచ్చుకోండి. బ్రోకర్లు దయచేసి రావద్దు.