డెలివరీ వ్యాన్ లీజుకు తీసుకోవడమా, కొనడమా: బోర్డుకు ఫైనాన్స్ ఆఫీసర్ లేఖ

తేదీ: 12-03-2025

గౌరవనీయులైన బోర్డు ఛైర్మన్ గారికి, డైరెక్టర్లకు,

విషయం: కొత్త డెలివరీ వ్యాన్ – సవరించిన లెక్క, నా సిఫార్సు

నమస్కారం.

గత నెల మీటింగుకు ముందు నేను పంపిన నోట్‌లో వ్యాన్‌ను లీజుకు తీసుకుంటేనే చౌక అని రాశాను. ఆ నోట్‌ను ఈ లేఖతో వెనక్కి తీసుకుంటున్నాను. లెక్క మళ్ళీ చేశాను. నాలుగేళ్ళకు కలిపి చూస్తే కొనడమే 35 తక్కువ ఖర్చుతో తేలుతుంది. కొనడానికి అనుమతి ఇవ్వమని కోరుతున్నాను. (ఈ లేఖలో డబ్బు అంకెలన్నీ వేలల్లో. 1,200 అంటే పన్నెండు లక్షలు.)

మొదటి నోట్‌లో తప్పు ఎక్కడ జరిగిందో ముందు చెప్పాలి. బండి ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరుగుతుందని బడ్జెట్ కాగితంలో ఉన్న అంకెనే తీసుకున్నాను. లీజు ఒప్పందంలో పరిమితి కూడా అంతే కాబట్టి అదనపు ఛార్జీ ఏమీ రాదనుకున్నాను. మీటింగు తర్వాత మన డ్రైవర్ గారి దగ్గర కూర్చుని పాత వ్యాన్ లాగ్‌బుక్ పేజీ పేజీ తిరగేశాను. బుధవారం వచ్చినప్పుడల్లా రెండో ట్రిప్ ఉంది. ఆ ట్రిప్ బడ్జెట్ వేసిన తర్వాత మొదలైంది కాబట్టి ఏ కాగితంలోనూ చేరలేదు. గత మూడేళ్ళలో బండి వరుసగా 24,600, 25,300, 26,140 కిలోమీటర్లు తిరిగింది. అందుకే ఈసారి ఏడాదికి 26,000 అని తీసుకున్నాను.

రెండు దారుల్లోనూ ఒకేలా ఉండే ఖర్చులను, అంటే ఇంధనం, డ్రైవర్ జీతం, ఇన్సూరెన్స్‌ను, లెక్కలో వేయలేదు. అవి ఎటు వెళ్ళినా మనవే. తేడా తెచ్చేవి మాత్రమే తీసుకున్నాను.

కొంటే: బండి ధర 1,200. నాలుగేళ్ళ తర్వాత 400కు అమ్ముడవుతుందని అంచనా. తరుగుదల ఏడాదికి (1,200 – 400) ÷ 4 = 200. మన పన్ను రేటు 25 శాతం కాబట్టి దానివల్ల ఏటా 50 పన్ను ఆదా అవుతుంది. సర్వీసింగ్, టైర్లు మనమే చూసుకోవాలి: మొదటి ఏడాది 24, తర్వాత 36, 60, 80. బండి పాతబడేకొద్దీ పెరుగుతాయి కదా. పన్ను ఆదా తీసేస్తే నికరంగా 18, 27, 45, 60 అవుతాయి.

లీజుకు తీసుకుంటే: అద్దె ఏడాదికి 300, ప్రతి ఏడాది మొదట్లోనే ముందుగా కట్టాలి. సర్వీసింగ్, టైర్లు వాళ్ళవే. డిపాజిట్ 60, నాలుగేళ్ళ చివర తిరిగి ఇస్తారు, వడ్డీ ఉండదు. పరిమితి దాటిన ప్రతి వెయ్యి కిలోమీటర్లకు 4 చొప్పున చివర్లో వసూలు చేస్తారు. మనకు నాలుగేళ్ళలో 24,000 అదనం, అంటే 96. బండి అప్పగించేటప్పుడు గీతలకు, సొట్టలకు వేసే ఛార్జీ 40 అవుతుందని వేసుకున్నాను. ఈ అంకె ఎక్కువ అనిపిస్తే పాత వ్యాన్ పక్క తలుపును ఒకసారి చూడమని మనవి. లోడింగ్ ప్లాట్‌ఫామ్ అంచు తగిలిన సొట్టలు నేను లెక్కపెడితే ఏడు తేలాయి. అవి డ్రైవర్ అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు. అక్కడ బండి తిప్పడానికి చోటే లేదు. కొత్త బండికీ అదే ప్లాట్‌ఫామ్.

ఇవాళ కట్టే డబ్బూ, నాలుగేళ్ళ తర్వాత వచ్చే డబ్బూ ఒకటి కావు కాబట్టి అన్నిటినీ ఇవాళ్టి విలువలోకి మార్చాలి. బ్యాంకు మనకు అప్పు ఇచ్చే రేటు 12 శాతం. ఆ వడ్డీ మీద పన్ను ఆదా పోతే మనకు నిజంగా పడేది 12 × 0.75 = 9 శాతం. ఇదే మన డిస్కౌంట్ రేటు. ఆ రేటుతో ఒకటి నుంచి నాలుగో ఏడాది వరకు గుణకాలు 0.9174, 0.8417, 0.7722, 0.7084. నాలుగూ కలిపితే 3.2397.

| కొంటే | ఇవాళ్టి విలువ |
|---|---|
| బండి ధర | 1,200.0 |
| తరుగుదల వల్ల పన్ను ఆదా (50 × 3.2397) | – 162.0 |
| సర్వీసింగ్, టైర్లు (పన్ను పోను) | + 116.5 |
| అమ్మితే వచ్చేది (400 × 0.7084) | – 283.4 |
| నికర ఖర్చు | 871.1 |

| లీజుకు తీసుకుంటే | ఇవాళ్టి విలువ |
|---|---|
| అద్దె (300 × 3.5313) | 1,059.4 |
| అద్దె మీద పన్ను ఆదా (75 × 3.2397) | – 243.0 |
| అదనపు కిలోమీటర్లు (96 × 0.75 × 0.7084) | + 51.0 |
| అప్పగింత ఛార్జీ (40 × 0.75 × 0.7084) | + 21.3 |
| డిపాజిట్ ఇరుక్కుపోవడం వల్ల నష్టం (60 – 42.5) | + 17.5 |
| నికర ఖర్చు | 906.2 |

అద్దె గుణకం 3.5313 ఎందుకంటే మొదటి అద్దె ఇవాళే కడతాం, మిగతా మూడూ ఒకటి, రెండు, మూడు ఏళ్ళ చివర పడతాయి. పన్ను ఆదా మాత్రం ఆయా ఏడాది ముగిశాకే చేతికి వస్తుంది. నా మొదటి నోట్‌లో కింది మూడు వరుసలూ లేవు. అందుకే అక్కడ లీజు ఖర్చు 816గా కనిపించి, కొనడం కంటే 55 చౌక అనిపించింది.

మీటింగులో వచ్చిన రెండు మాటలకు జవాబు చెప్పాల్సి ఉంది. ఏటా 300 చొప్పున నాలుగేళ్ళ అద్దె 1,200, బండి ధర కూడా 1,200, అంత కట్టి చివరికి బండి తిరిగి ఇచ్చేయడమేమిటని ఒక డైరెక్టర్ గారు అడిగారు. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ ఆ పోలికతో నిర్ణయం తీసుకోకూడదు. అద్దె నాలుగు విడతల్లో పోతుంది, ధర ఒకేసారి పోతుంది. పైగా అద్దెలో సర్వీసింగ్ కలిసి ఉంది. నేను కొనమంటున్నది ఆ కారణంతో కాదు.

కొనడానికి అప్పు తెస్తే వడ్డీ కూడా ఖర్చులో కలపాలి కదా అన్నది రెండో మాట. వడ్డీ లెక్కలో ఉంది, డిస్కౌంట్ రేటు రూపంలో. 1,200 అప్పు తెచ్చి, పన్ను పోగా మనకు పడే వాయిదాలన్నిటినీ అదే 9 శాతంతో ఇవాళ్టి విలువలోకి మారిస్తే మళ్ళీ సరిగ్గా 1,200 వస్తుంది. వడ్డీని విడిగా ఇంకోసారి కలిపితే ఒకే ఖర్చును రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

ఇక 35 తేడా గురించి. ఇది పెద్ద తేడా కాదు. ఏ అంకె కదిలితే ఫలితం తిరగబడుతుందో మీకు తెలియాలి.

కిలోమీటర్లు ఏడాదికి సుమారు 21,900కు తగ్గితే రెండు దారులూ సమానం. అంతకన్నా తక్కువ తిరిగితే లీజే మేలు. గత మూడేళ్ళలో ఒక్క ఏడాదీ ఆ కిందికి రాలేదు, బుధవారం ట్రిప్ ఆపే ఆలోచన కూడా ఎవరికీ లేదు. ఈ విషయంలో నాకు టెన్షన్ లేదు.

నాకు ఆందోళన ఉన్నది రీసేల్ విలువ దగ్గరే. బండి 400కు కాకుండా 334కే అమ్ముడైతే (పుస్తక విలువ కన్నా తగ్గిన మొత్తం మీద పన్ను ఆదాను కూడా కలుపుకుని) కొనడంలో ఉన్న లాభం మొత్తం పోతుంది. ఇంకో కోణం కూడా ఉంది. అద్దె ఎంతో ఇవాళే తెలుసు, నాలుగేళ్ళ తర్వాతి ధర ఎవరికీ తెలియదు. అందుకని రీసేల్ డబ్బుకు ఎక్కువ డిస్కౌంట్ రేటు వాడాలని కొందరు అంటారు, ఆ వాదన న్యాయమైనదే. దానికి ఒక్కదానికి 14 శాతం వాడి చూశాను. కొనుగోలు ఖర్చు 917.7కు పెరిగి, లీజు 11.5 చౌకగా తేలింది. ఇది మీకు చెప్పకుండా 35 అంకె ఒక్కటే చూపించడం సరికాదు.

అయినా కొనమనే అంటున్నాను. మన పాత వ్యాన్ ధర 900. ఐదేళ్ళు వాడిన తర్వాత దానికి ఇప్పుడు చేతిలో ఉన్న ఆఫర్ 315, అంటే ధరలో 35 శాతం. ఆ సొట్టలన్నీ చూశాకే ఇచ్చిన ఆఫర్ అది. కొత్త బండిని ఒక ఏడాది ముందే అమ్ముతూ మూడో వంతు వస్తుందనుకోవడం అత్యాశ కాదు. ఒక్క బండి అనుభవంతో అంతా తేల్చలేమన్నది నిజమే కానీ, మన వాడకం, మన దారులు, మన ప్లాట్‌ఫామ్ అన్నీ అందులో ఉన్నాయి.

లీజు సంస్థతో బేరం కూడా ఆడాను. పరిమితిని 26,000కు పెంచమంటే అద్దె 322 అన్నారు. ఆ లెక్కన నికర ఖర్చు 915, అంటే తక్కువ పరిమితి తీసుకుని అదనపు ఛార్జీ కట్టడం కన్నా కూడా ఎక్కువ. పాత పరిమితితోనే అద్దె 287కు దిగితే రెండు దారులూ సమానమయ్యేవి. వాళ్ళు 300 దగ్గరే ఆగిపోయారు.

లీజు వైపు రెండు మంచి విషయాలున్నాయి, వాటిని తక్కువ చేయను. బండి ఆగిపోతే మరో బండి పంపుతామన్నారు. కొంటే ఆ ఏర్పాటు మనమే చూసుకోవాలి. రెండోది, చేతిలో డబ్బు. పూర్తిగా అప్పు మీద కొంటే నాలుగేళ్ళ పాటు ఏడాదికి సుమారు 395 వాయిదా కట్టాలి, అద్దె అయితే 300. ఏటా ఆ 95 తేడాను మన నగదు భరించగలదని వచ్చే ఏడాది నగదు అంచనా చూసి చెబుతున్నాను. ఇక లీజు తీసుకుంటే పుస్తకాల్లో అప్పు కనిపించదన్న పాత నమ్మకాన్ని పక్కన పెట్టవచ్చు. మనం పాటించే ఐఎఫ్ఆర్ఎస్ 16 ప్రమాణం 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నాలుగేళ్ళ వాహన లీజు కూడా బ్యాలెన్స్ షీట్‌లో అప్పుగా చేరుతుంది.

ఒప్పందంలోని ఒక నిబంధన కూడా నన్ను ఆపింది. మధ్యలో లీజు వదులుకుంటే మిగిలిన అద్దెల్లో సగం కట్టాలి. రెండేళ్ళకే పెద్ద బండి అవసరమైతే వాడని బండికి 300 చెల్లించాల్సి వస్తుంది. సొంత బండి అయితే అమ్ముకోవచ్చు.

బోర్డు ఆమోదం కోరుతున్నది వీటికి: 1,200 ధర మించకుండా వ్యాన్ కొనుగోలు, అందుకు 12 శాతం వడ్డీకి నాలుగేళ్ళ బ్యాంకు రుణం, పాత వ్యాన్‌ను 315కు అమ్మడం. పాత వ్యాన్ మీద వచ్చే ఆ డబ్బును విడిగా ఉంచి, కొత్త బండి సర్వీసింగ్‌కూ, అది ఆగిపోయిన రోజుల్లో అద్దె బండికీ మాత్రమే వాడాలని నా మనవి. కొనుగోలుదారు ఆఫర్ ఈ నెల 31 వరకే ఉంటుంది కాబట్టి ఆలోపు నిర్ణయం తెలిస్తే మేలు.

లాగ్‌బుక్ మూడేళ్ళ పేజీల నకళ్ళు, రెండు కొటేషన్లు, లెక్క షీట్ జత చేశాను. షీట్‌లో కిలోమీటర్లు, రీసేల్ ధర, డిస్కౌంట్ రేటు గడులను పసుపు రంగులో ఉంచాను. మీ అంకెలు అక్కడ వేస్తే ఫలితం వెంటనే మారుతుంది. మీటింగుకు ముందు ఎవరికైనా సందేహం ఉంటే ఫోన్ చేయండి, నేనే వచ్చి కూర్చుని చూపిస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఫైనాన్స్ ఆఫీసర్