ఆవకాయ, గోంగూర, వెల్లుల్లి కారం సీసాల లేబుళ్లకు చిత్ర నిర్దేశం

చిత్రకారులు గారికి నమస్కారం.

బేగంబజారులోని మా దుకాణంలో సంక్రాంతికి అమ్మకానికి పెట్టబోయే అరకిలో గాజు సీసాలకు మూడు లేబుళ్లు కావాలి. ముందుగా ఒక మనవి: మీరు పంపే బొమ్మలో ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. పేర్లను తరువాత మేమే వేరే పొరలో టైపుగా కూర్చుకుంటాము. పోయినసారి మరొకరి చేత బొమ్మలోనే అక్షరాలు గీయించాము. ‘వెల్లుల్లి’లోని రెండో ల వత్తు కింద గీసిన వెల్లుల్లి పొట్టులో కలిసిపోయి, కొన్నవారు దాన్ని ‘వెల్లులి’ అని చదివారు.

లేబులు పొడవు 240 మిల్లీమీటర్లు, ఎత్తు 90. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలుపుకొని, 300 డీపీఐలో 2906 × 1134 పిక్సెళ్ల ఫైలు కావాలి. గుండ్రటి సీసాను ఎదురుగా చూస్తే చుట్టుకొలతలో సుమారు మూడో వంతే కనబడుతుంది కనుక, ముందువైపు నడుమ 70 మిల్లీమీటర్ల వెడల్పు, 38 ఎత్తు ఉన్న చోటును లేత మీగడ రంగుతో పూర్తిగా ఖాళీగా ఉంచండి. అందులో నీడ, నేత గీతలు, నూనె చుక్క వంటివేవీ వద్దు. పేరు ఒక్క వరుసే కదా, ఇంత ఎత్తెందుకని అనిపించవచ్చు. కానీ ‘ల్లి’లో పైన గుడి, కింద వత్తు ఉంటాయి, ‘పచ్చడి’లో చ వత్తు కిందికి దిగుతుంది. వీటికి చోటు చాలకపోతే అక్షరాన్నే కుదించవలసి వస్తుంది, అప్పుడు అలమారలో దూరం నుంచి చదవలేము. పేర్లకు రామభద్ర ఫాంటును ముదురు గోధుమ రంగులో వాడాలని అనుకుంటున్నాము.

ఇక బొమ్మలు. ఆవకాయకు టెంకతో కోసిన మామిడి ముక్కలు కావాలి, టెంక లేని ముక్క వేస్తే మా అమ్మగారు ఒప్పుకోరు. ముక్కల అంచున ఆవపిండి అంటుకొని, పైన నూనె తేలి ఉండాలి. గోంగూరకు ఎర్ర కాడలు, వేళ్లలా చీలిన ఆకులు చాలు. వెల్లుల్లి కారానికి పొట్టు తీయని రెబ్బలు, పక్కన ఎండుమిరపకాయలు వేయండి. తెల్ల పొట్టు మీగడ రంగులో కలిసిపోతుంది కాబట్టి రెబ్బలను ఖాళీ చోటికి ఆనించకుండా కింది అంచుకు చేర్చండి.

వెనుకవైపు 60 మిల్లీమీటర్ల వెడల్పున ఏమీ గీయవద్దు. ఆహార లేబులు నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ తప్పనిసరి, తెలుగు వాటికి అదనం మాత్రమే. ఆ వివరాలు, శాకాహారపు పచ్చ చుక్క గుర్తు అక్కడికి వస్తాయి.

నేపథ్యం, వస్తువులు వేరువేరు పొరల్లో ఉన్న ఫైలు పంపండి. అచ్చుకు ఇచ్చే ముందు అక్షరాలను మేము ఔట్‌లైన్లుగా మార్చుకుంటాము, లేకపోతే ఆ ఫాంటు లేని ప్రెస్సు కంప్యూటరులో వత్తులు విడిపోతాయి. మొదట గోంగూర చిత్తు ఒక్కటే పంపితే, దానిపై పేరు వేసి, అసలు కొలతలో అచ్చుతీసి, సీసాకు చుట్టి చూసి మీకు చెబుతాము.